నా దగ్గర పని నేర్చుకుంటున్న కొత్త ఉద్యోగికి నాకన్నా ఎక్కువ జీతం: ఇప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న: "నమస్కారం అండీ. హైదరాబాద్‌లో ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో ఫ్రెషర్‌గా చేరి ఏడేళ్లయింది. ఇప్పుడు నా సీటీసీ 8.4 లక్షలు. నాలుగున్నరేళ్ల అనుభవం ఉన్న ఒకతన్ని రెండు నెలల క్రితం నేనే ఇంటర్వ్యూ చేసి టీమ్‌లోకి తీసుకున్నాను. అతనికి 14 లక్షలు ఇచ్చారని తెలిసింది. అతనికి పని నేర్పిస్తున్నది నేను. మేనేజర్‌ని అడగాలా, రాజీనామా చేయాలా, ఊరుకోవాలా? ఎలా అడగాలో కూడా చెప్పండి."

సమాధానం:

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో జీతాల నిర్ణయం చూసే విభాగంలో చాలా ఏళ్లు పనిచేసిన వాడిగా చెబుతున్నాను. మీరు అడగాలి. అయితే "అతనికి అంత ఇచ్చారు, నాకూ ఇవ్వండి" అన్న రూపంలో అడిగితే ఫలితం దాదాపు ఉండదు. ఎందుకు ఉండదో అర్థమైతే ఎలా అడగాలో దానంతటదే తేలుతుంది కాబట్టి ముందుగా ఆ కారణం చెబుతాను.

కంపెనీలో జీతాల డబ్బు రెండు వేర్వేరు సంచుల్లో ఉంటుంది. కొత్తవారిని తీసుకోవడానికి పెట్టే డబ్బును ఆ రోజు మార్కెట్ రేటు నిర్ణయిస్తుంది. క్లయింట్ ప్రాజెక్టులో సీటు ఖాళీగా ఉంటే బిల్లింగ్ ఆగిపోతుంది కనుక, అడిగినంత ఇచ్చి మనిషిని తెచ్చుకోవాలన్న తొందర మేనేజర్‌కు ఉంటుంది. ఉన్నవారికి ఇచ్చే వార్షిక ఇంక్రిమెంట్ల డబ్బు అలా కాదు. ఏడాది మొదట్లోనే ఫైనాన్స్ వారు మొత్తం జీతాల మీద ఇంత శాతమని తేల్చి, ఆ మొత్తాన్ని విభాగాలవారీగా పంచేస్తారు. మార్కెట్ నలభై శాతం పెరిగిన ఏడాదిలో కూడా ఈ రెండో సంచిలో ఎనిమిదో తొమ్మిదో శాతమే ఉండవచ్చు. పాతవారి జీతానికీ కొత్తవారి జీతానికీ మధ్య తేడా క్రమంగా కరిగిపోవడం, ఆ తరువాత కొత్తవారి జీతం పాతవారిని దాటిపోవడం ఈ రెండు సంచుల మధ్య ఉన్న దూరం వల్లనే జరుగుతాయి. మీ మేనేజర్‌కు మీ మీద చిన్నచూపు ఉందని దీని అర్థం కాదు.

ఆ కొత్త ఉద్యోగి దారిని ఊహించి చూడండి. మామూలుగా ఇలా ఉంటుంది. 3.8 లక్షలతో వేరే కంపెనీలో చేరి, రెండు ఇంక్రిమెంట్ల తరువాత 4.5 లక్షలకు వస్తాడు. నియామకాలకు అప్పుడప్పుడు ఊపు వస్తుంది, ఉదాహరణకు 2021, 2022 సంవత్సరాల్లో కంపెనీలన్నీ పోటీపడి మనుషుల్ని తీసుకున్నాయి. 2022 జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్‌లో ఉద్యోగం మానేసినవారి రేటు ఏడాది లెక్కన 28.4 శాతానికి చేరింది, తరువాతి రెండేళ్లలో అది సగం కన్నా తగ్గింది. అలాంటి ఊపులో కంపెనీ మారితే 4.5 లక్షలు ఒక్కసారిగా 7.5 లక్షలు అవుతాయి. అక్కడ మరో రెండు ఇంక్రిమెంట్లతో 9 లక్షలకు వచ్చి, నలభై శాతానికి పైగా పెంపుతో మీ దగ్గరికి వచ్చి ఉంటాడు. అతను రెండుసార్లు మొదటి సంచి నుంచి జీతం తీసుకున్నాడు, మీరు ఏడేళ్లూ రెండో సంచి నుంచే తీసుకున్నారు. ఇద్దరి మధ్య తేడాలో ఎక్కువ భాగం ఇదే.

ఇప్పుడు తేడా నిజంగా ఎంతో లెక్కవేద్దాం, ఎందుకంటే ఒక సీటీసీని మరో సీటీసీతో నేరుగా పోల్చడం దాదాపు ఎప్పుడూ తప్పు లెక్కే అవుతుంది. అతని 14 లక్షల్లో చేరినప్పుడు ఒక్కసారి ఇచ్చే జాయినింగ్ బోనస్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. ఏడాదిలోపు మానేస్తే దాన్ని తిరిగి కట్టాలన్న షరతు కూడా సాధారణంగా ఉంటుంది. పూర్తిగా చేతికొస్తుందన్న హామీ లేని వేరియబుల్ పే కూడా అందులో ఉంటుంది. ఉదాహరణకు 90 వేలు జాయినింగ్ బోనస్, 1.2 లక్షలు వేరియబుల్ అనుకుంటే అతని స్థిర జీతం 11.9 లక్షలు. మీ 8.4 లక్షల్లో 70 వేలు వేరియబుల్ అనుకుంటే మీ స్థిర జీతం 7.7 లక్షలు. పీఎఫ్‌లో యజమాని వాటా, గ్రాట్యుటీ పేరిట చూపే మొత్తం ఇద్దరి లెక్కల్లోనూ ఉంటాయి కనుక వాటిని పక్కన పెట్టవచ్చు. అంటే మీరు అనుకుంటున్న 5.6 లక్షల తేడా ఏటా కొనసాగే లెక్కలో 4.2 లక్షలు. అదీ పెద్ద తేడానే. కానీ మీరు హెచ్‌ఆర్ ముందు 5.6 అన్న మరుక్షణం "మీకు ఆ ఆఫర్ నిర్మాణం తెలియదు" అన్న ఒక్క మాటతో సంభాషణ ముగిసిపోతుంది.

ఈ తేడా దానంతటదే తగ్గదు, పెరుగుతుంది. ఇద్దరికీ సమానంగా 8 శాతం ఇంక్రిమెంట్ ఇచ్చారనుకోండి. మీ 7.7 లక్షలు 8.32 అవుతాయి, అతని 11.9 లక్షలు 12.85 అవుతాయి, తేడా 4.2 నుంచి 4.54 లక్షలకు చేరుతుంది. వచ్చే అప్రైజల్‌లో మంచి రేటింగ్ వస్తే సర్దుకుంటుందని ఎదురుచూడటంలో ఉన్న చిక్కు ఇదే. మంచి రేటింగ్‌కు ఏటా అదనంగా రెండు మూడు శాతం వచ్చినా ఇంత దూరం పూడటానికి పదిహేనేళ్లకు పైనే పడుతుంది.

మేనేజర్ మనస్ఫూర్తిగా ఇవ్వాలనుకున్నా ఎందుకు ఇవ్వలేడో కూడా చూడండి. పన్నెండు మంది టీమ్, అందరి స్థిర జీతాలూ కలిపి కోటి రూపాయలు అనుకుందాం. 8 శాతం చొప్పున అతని చేతిలో ఉన్నది 8 లక్షలు. మీ ఒక్కరికే 2.2 లక్షలు పెంచితే మిగిలిన పదకొండు మందికి 5.8 లక్షలే మిగులుతాయి, వారి సగటు పెంపు 8 నుంచి 6.3 శాతానికి పడిపోతుంది. ఏ మేనేజరూ అలా చేయడు, చేయకూడదు కూడా. కాబట్టి మీరు అడగవలసింది ఇంక్రిమెంట్ కాదు, ఆఫ్ సైకిల్ కరెక్షన్, అంటే వార్షిక ఇంక్రిమెంట్లతో సంబంధం లేకుండా విడిగా చేసే జీతం సవరణ. చాలా కంపెనీల్లో దీన్నే మార్కెట్ కరెక్షన్ అనీ ఈక్విటీ అడ్జస్ట్‌మెంట్ అనీ కూడా అంటారు. ఇది మేనేజర్ సంచిలోంచి రాదు. బిజినెస్ యూనిట్ హెడ్ సిఫారసు చేయాలి, మీ విభాగం వ్యవహారాలు చూసే హెచ్‌ఆర్ బిజినెస్ పార్ట్‌నర్ దాన్ని జీతాల విభాగానికి పంపాలి, చివరికి ఫైనాన్స్ ఒప్పుకోవాలి. ఈ మాట పేరుపెట్టి అడిగిన ఉద్యోగి ఫైలు ఒక దారిలో వెళ్తుంది, "జీతం పెంచండి" అన్నవారి ఫైలు మరో దారిలో వెళ్లి అప్రైజల్ దాకా ఆగిపోతుంది. నా అనుభవంలో ఎక్కువమంది ఈ ఒక్క తేడా తెలియకనే నష్టపోతున్నారు, అందుకే దీని మీద ఇంత చెప్పవలసి వచ్చింది.

ఈ కరెక్షన్‌కు జీతాల విభాగం చూసే ప్రధానమైన కొలత ఒకటుంది. ప్రతి బ్యాండ్‌కూ, అంటే ప్రతి ఉద్యోగ స్థాయికి పెట్టిన జీతపు పరిధికీ, ఒక కనిష్ఠం, ఒక మధ్య బిందువు, ఒక గరిష్ఠం ఉంటాయి. మీ స్థిర జీతాన్ని మధ్య బిందువుతో భాగిస్తే వచ్చేదే కంపా రేషియో. మీ బ్యాండ్ మధ్య బిందువు 11 లక్షలు, కనిష్ఠం అందులో 80 శాతమైన 8.8 లక్షలు, గరిష్ఠం 120 శాతమైన 13.2 లక్షలు అనుకుందాం. అప్పుడు కొత్త ఉద్యోగి 1.08 దగ్గర ఉన్నాడు. మీరు 0.70 దగ్గర, అంటే బ్యాండ్ కనిష్ఠం కన్నా కింద ఉన్నారు. ఇది వింతేమీ కాదు. పై బ్యాండ్‌కు ప్రమోషన్ ఇస్తూ పది శాతమే పెంచితే మనిషి కొత్త బ్యాండ్ అడుగును కూడా తాకడు, ఏడేళ్లుగా ఒకే చోట ఉన్నవారిలో ఈ పరిస్థితి తరచుగా కనిపిస్తుంది. మీకు ఇటీవల ప్రమోషన్ వచ్చి ఉంటే ముందుగా దీన్నే తేల్చుకోండి. హెచ్‌ఆర్ వారు బ్యాండ్ అంకెలు చెప్పకపోవచ్చు కానీ, "నా ప్రస్తుత బ్యాండ్ పరిధిలో నా స్థిర జీతం కనిష్ఠానికి పైన ఉందా, కింద ఉందా? పైన ఉంటే మొదటి పావు భాగంలో ఉందా, రెండో పావులో ఉందా?" అని అడిగితే చాలాచోట్ల జవాబు ఇస్తారు. జవాబు "కింద" అయితే మీ వాదన సగం గెలిచినట్లే, ఎందుకంటే అప్పుడు దిద్దవలసింది కంపెనీ తనకు తాను పెట్టుకున్న నియమాన్ని.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా పరిశీలించుకోవాలి. అతనూ మీరూ చేస్తున్నది ఒకే పనేనా? అనుభవం ఎన్నేళ్లన్నది జీతాల విభాగానికి పెద్దగా పట్టదు. అతన్ని క్లౌడ్ మైగ్రేషన్ కోసమో డేటా ఇంజినీరింగ్ కోసమో తీసుకుని, మీరు పాత అప్లికేషన్ సపోర్ట్ చూస్తుంటే, మార్కెట్‌లో ఆ రెండు పనులకూ రేట్లు వేరు. అప్పుడు మీకు పనికొచ్చే దారి జీతం కరెక్షన్ కన్నా ముందు ఆ పనిలోకి మారడం. అలా కాకుండా అతను రాసిన కోడ్‌ను మీరు రివ్యూ చేస్తూ, ప్రొడక్షన్‌లో సమస్య వస్తే రాత్రిపూట కాల్ మీరు తీసుకుంటూ, క్లయింట్‌తో వారం వారం మాట్లాడేది మీరే అయితే, ఆ మూడు విషయాలనూ తేదీలతో, టికెట్ వివరాలతో ఒక పేజీలో రాసి పెట్టుకోండి. ఆ పేజీ అవసరం వస్తుంది.

సహోద్యోగి జీతం గురించి ఒక హెచ్చరిక. అతని పేరు గానీ అంకె గానీ సంభాషణలోకి తీసుకురావద్దు. చాలా నియామక పత్రాల్లో జీతం వివరాలు గోప్యంగా ఉంచాలన్న షరతు ఉంటుంది. మీరు అంకె చెప్పగానే మీ జీతం మాట పక్కకు పోయి, ఆ అంకె మీకెలా తెలిసిందన్నది చర్చ అవుతుంది, ఏ తప్పూ చేయని ఆ కుర్రవాడు సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. అతని జీతం మీకు తెలియడం వల్ల కలిగే నిజమైన ప్రయోజనం ఒకటే: మీ కంపెనీయే మీ పనికి ఈ రోజు ఎంత చెల్లించడానికి సిద్ధంగా ఉందో తెలిసింది. అదే సంగతిని మీ బ్యాండ్ స్థానం ద్వారా, మీ పనికి మార్కెట్‌లో వస్తున్న ఆఫర్ల ద్వారా చెప్పవచ్చు.

చట్టం సహాయపడుతుందా అని కూడా కొందరు అడుగుతుంటారు. ప్రైవేటు కంపెనీలో సీనియర్ కన్నా జూనియర్‌కు ఎక్కువ ఇవ్వకూడదని చెప్పే చట్టం మన దేశంలో లేదు. ఇంతకుముందు ఉన్న 1976 సమాన వేతన చట్టం నిషేధించినదీ, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ నిషేధిస్తున్నదీ ఒకే పనికి స్త్రీపురుషుల మధ్య చూపే వివక్షను. మీ కేసు ఆ కోవలోకి వస్తే దారి వేరు, దానికి న్యాయవాది సలహా తీసుకోండి. ప్రభుత్వోద్యోగుల సంగతి కూడా వేరు. అక్కడ జూనియర్ జీతం సీనియర్‌ను దాటితే, ఇద్దరూ ఒకే కేడర్‌లో ఉండి, ఆ తేడా జీతం స్థిరీకరణ నియమం వల్లనే నేరుగా వచ్చి ఉంటే, సీనియర్ జీతాన్ని జూనియర్ స్థాయికి పెంచే స్టెపింగ్ అప్ అనే పద్ధతి నియమాల్లోనే ఉంది. ప్రైవేటులో దానికి సమానమైన హక్కు లేదు. ఉన్నది కంపెనీ విధానం, మీ బేరం చేయగల శక్తి, అంతే.

ఇక ఎంత అడగాలి? 11.9 అడగవద్దు. 7.7 నుంచి అక్కడికి సుమారు 54.5 శాతం పెంపు, ఏ ఫైనాన్స్ విభాగమూ ఒక్కసారిగా ఆమోదించదు. ఆమోదించదగిన కోరిక రెండు మెట్లలో ఉండాలి. మొదటి మెట్టు ఇప్పుడు బ్యాండ్ కనిష్ఠానికి, అంటే 7.7 నుంచి 8.8 లక్షలకు, 1.1 లక్షల కరెక్షన్. రెండో మెట్టు ఏప్రిల్‌లో 9.9 లక్షలకు, అంటే 0.90 కంపా రేషియోకు. ఈ రెండో మెట్టులో మామూలు 8 శాతం ఇంక్రిమెంట్‌గా వచ్చే 70 వేలు ఎలాగూ మేనేజర్ సంచిలో ఉన్నదే, పైన కావలసింది మరో 40 వేలు. అంటే 2.2 లక్షల పెంపులో కంపెనీ కరెక్షన్ పద్దు నుంచి తీయవలసింది లక్షన్నరే. ఈ విడదీత మేనేజర్ ముందు పెట్టండి, ఎందుకంటే అతను పై అధికారికి చెప్పవలసిన మాటను మీరే అతని చేతికి ఇచ్చినట్లవుతుంది. బ్యాండ్ పరిధులను కంపెనీ మధ్యలో సవరిస్తే ఈ అంకెలు మారతాయి, కాబట్టి కోరికను రూపాయల్లోనూ బ్యాండ్ స్థానంగానూ రెండు విధాలా చెప్పడం మంచిది.

ఆ లక్షన్నరకు ఎదురుగా ఫైనాన్స్ వేసుకునే లెక్క ఒకటుంది, దాన్ని బెదిరింపుగా కాకుండా వాస్తవంగా చెప్పాలి. మీరు వెళ్లిపోతే మీ స్థానంలో తీసుకునే మనిషికి ఇప్పటి మార్కెట్‌లో 14 లక్షల దాకా ఇవ్వాలి. కన్సల్టెన్సీ ద్వారా తీసుకుంటే వారి ఫీజుగా వాడుకలో ఉన్న 8.33 శాతం చొప్పున 1.17 లక్షలు పోతాయి. అతనికి కూడా 90 రోజుల నోటీసు ఉంటే మీ సీటు మూడు నెలలు ఖాళీగానో సగం పనితోనో నడుస్తుంది. మరో సంగతి బయటకు ఎవరూ చెప్పరు. సర్వీసెస్ ప్రాజెక్టులో క్లయింట్ ఇచ్చే బిల్లింగ్ రేటు ఇద్దరికీ ఒకటే అయితే, 14 లక్షల మనిషి వల్ల తగ్గిన మార్జిన్‌ను నిలబెడుతున్నది 8.4 లక్షల మనిషే. మీ జీతం పెంచితే ఆ ప్రాజెక్టు లాభం తగ్గుతుంది కాబట్టి డెలివరీ మేనేజర్ వెనుకాడతాడు. ఆ ఇబ్బంది ఉన్నచోట మీ బిల్లింగ్ రోల్‌ను లీడ్ స్థాయికి మార్చమని క్లయింట్‌ను అడగడం సులభమైన మార్గం కావచ్చు. మీరు చేస్తున్నది లీడ్ పనే అయితే, క్లయింట్‌తో ఒప్పుకున్న రేట్ల పట్టిక అయిన రేటు కార్డు మారిన వెంటనే కరెక్షన్‌కు ఉన్న అడ్డు చాలావరకు తొలగిపోతుంది.

మేనేజర్‌తో విడిగా అరగంట సమయం అడిగి, ఈ అర్థం వచ్చేలా చెప్పండి: "నా ప్రస్తుత బ్యాండ్‌లో నా స్థిర జీతం కనిష్ఠం కన్నా కింద ఉందని హెచ్‌ఆర్ ద్వారా తెలిసింది. నేను చేస్తున్న పని ఈ పేజీలో ఉంది. వార్షిక ఇంక్రిమెంట్‌తో ఇది సరిపడదు కాబట్టి ఆఫ్ సైకిల్ కరెక్షన్‌కు నా పేరు సిఫారసు చేయాలని కోరుతున్నాను. దీన్ని ఎవరు ఆమోదించాలి, ఎప్పటికల్లా తెలుస్తుంది?" చివరి రెండు ప్రశ్నలు వదలవద్దు. అదే సాయంత్రం ఆ సంభాషణ సారాంశాన్ని నాలుగు వాక్యాల్లో ఈమెయిల్‌గా పంపండి. మేనేజర్ నిజంగా ఫైలు కదిలిస్తున్నాడో లేదో మూడు వారాల్లో తెలిసిపోతుంది. కదిలిస్తున్నవాడు ఆమోదించే వ్యక్తి పేరు చెబుతాడు, మీ పని గురించి అదనపు వివరాలు అడుగుతాడు, హెచ్‌ఆర్ నుంచి మీకో ప్రశ్న వస్తుంది. "మాట్లాడాను, చూద్దాం" అన్న మాట తప్ప పేరూ తేదీ లేకపోతే ఫైలు లేనట్లే. అప్పుడు మేనేజర్‌కు చెప్పి హెచ్‌ఆర్ బిజినెస్ పార్ట్‌నర్‌ను నేరుగా కలవండి.

బయటి ఆఫర్ తెచ్చి చూపించమని చాలామంది సలహా ఇస్తారు. ఆ ఆఫర్‌తో నిజంగా వెళ్లిపోవడానికి సిద్ధపడినప్పుడే చూపించండి. మీ రాజీనామా తరువాత కంపెనీ ఇచ్చే ప్రతిపాదనను రూపాయల మొత్తంలో కాకుండా ఏ పద్దు కింద ఇస్తున్నారో చూసి తూచాలి. "రెండు లక్షలు ఇస్తున్నాం" అన్నది ఏడాదికి కట్టుబడి ఉండాలన్న షరతుతో వచ్చే రిటెన్షన్ బోనస్ అయితే మీ స్థిర జీతం 7.7 దగ్గరే ఉంటుంది, వచ్చే ఇంక్రిమెంట్ కూడా దాని మీదే లెక్కకడతారు, ఏడాది గడిచాక మీరు మళ్లీ ఇదే చోట నిలబడతారు. స్థిర జీతాన్ని మార్చే సవరణ లేఖ, అందులో అమల్లోకి వచ్చే తేదీ ఉంటేనే సమస్య దిద్దినట్లు. ఇప్పుడు ఒక భాగం, ఏప్రిల్‌లో మరో భాగం అన్న హామీ ఇచ్చినా ఆ రెండో భాగం అంకె అదే లేఖలో ఉండాలి, ఎందుకంటే మేనేజర్లు మారుతుంటారు.

వెళ్లడమే తేలితే మీకు రావలసినవి తెలిసి ఉండాలి. మీకు అయిదేళ్లు దాటాయి కనుక గ్రాట్యుటీ హక్కుగా వస్తుంది. గ్రాట్యుటీకి లెక్కించే నెల వేతనం 32 వేలు అనుకుంటే దాన్ని 15తో గుణించి 26తో భాగించి, ఏడేళ్లతో హెచ్చిస్తే సుమారు 1.29 లక్షలు. దీన్ని కోల్పోతానేమో అని ఆగవలసిన అవసరం మీకు లేదు. కొత్త చోట ఆఫర్ చూసేటప్పుడు కూడా పైన చెప్పినట్లే బోనస్‌నూ వేరియబుల్‌నూ తీసేసి స్థిర జీతాన్ని చూడండి. మీరు అక్కడ మొదటి సంచి నుంచి తీసుకునే జీతం అక్కడి పాతవారిని దాటవచ్చు, రెండు మూడేళ్ల తరువాత మీరే ఆ పాతవారి స్థానంలోకి రావచ్చు, కాబట్టి చేరేరోజే బ్యాండ్‌లో మీ స్థానం ఎక్కడో అడిగి తెలుసుకోండి.

గడువు విషయంలో నా సలహా ఇది. ఈ నెలలో హెచ్‌ఆర్ నుంచి బ్యాండ్ స్థానం తెలుసుకోండి, తరువాతి వారంలో మేనేజర్‌తో మాట్లాడండి, మూడు వారాలకు ఒకసారి, ఆరు వారాలకు మరోసారి అడగండి. బడ్జెట్లు ఖరారయ్యేది సాధారణంగా జనవరి నుంచి మార్చి మధ్య కనుక డిసెంబరులోపు మీ పేరు కరెక్షన్ జాబితాలో చేరాలి. చేరిందని హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా తెలియకపోతే జనవరి మొదటి వారం నుంచి బయట ఇంటర్వ్యూలకు వెళ్లండి.